ఒకే ఇల్లు... రెండు రక్తపరీక్షలు!

మనవడి రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ హడలిపోయారు. తాత రిపోర్టును ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి జాగ్రత్తగా చూడాల్సింది రెండోదే!

నగరిలో మరమగ్గాల చప్పుడు వినిపించే వీధుల్లో ఓ ఇంటిని ఊహించుకుందాం. పంతొమ్మిదేళ్ల మనవడికి ఆరు రోజులుగా జ్వరం. రెండో రోజే ఎన్ఎస్1 పరీక్షలో డెంగీ అని తేలింది. ఆరో రోజు మళ్లీ రక్తం తీశారు. తెల్లకణాలు 9,000. అందులో లింఫోసైట్లు 60 శాతం, అంటే 5,400. ప్లేట్‌లెట్లు 70,000. అన్నిటికీ అడుగున ఓ వాక్యం: ‘ఎటిపికల్ లింఫోసైట్లు కనిపించాయి’.

ఆ మాట ఎవరో ఫోన్లో చూసి చెప్పారు. అంతే, వాళ్లమ్మ కాగితం పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తింది. ‘ఇది ఆ పెద్దజబ్బు కాదు కదా సార్?’

అదే వారం తాతకు కంట్లో శుక్లం ఆపరేషన్ కోసం పరీక్షలు చేశారు. అరవై ఎనిమిదేళ్లు. జ్వరం లేదు, దగ్గు లేదు, పూటకు రెండు ముద్దలు సంకటి తింటాడు. తెల్లకణాలు 24,000. లింఫోసైట్లు 75 శాతం, అంటే 18,000. హిమోగ్లోబిన్ 12.8, ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైనే. రిపోర్టులో ఎటిపికల్ అన్న మాటే లేదు. ‘ఏదో ఇన్ఫెక్షన్ అయ్యుంటుందిలే’ అని బీరువాలో పెట్టేశారు.

పెద్దవాళ్లలో లింఫోసైట్లు మైక్రోలీటరు రక్తంలో సుమారు 4,000 దాటితే ఎక్కువున్నట్టు లెక్క. ఇద్దరికీ దాటాయి. కానీ ఎందుకు దాటాయన్నది అంకె చెప్పదు. దానికి రెండు మెట్లు ఎక్కాలి.

గాజుపలకే తొలి సాక్షి

మొదటి మెట్టు స్మియర్. గాజుపలక మీద ఓ రక్తపు చుక్క వేసి పల్చగా పరుస్తారు. ఆరాక లీష్‌మన్ రంగు వేసి, నూనె చుక్కతో చూసే 100 రెట్ల లెన్సు కింద పెడతారు. మామూలు లింఫోసైటు చిన్నది. నల్లగా కనిపించే గుండ్రని కేంద్రకం, చుట్టూ సన్నని నీలం అంచు.

మనవడి పలక మీద దృశ్యం వేరు. కణాలు బాగా పెద్దవయ్యాయి. కేంద్రకం చుట్టూ నీలిరంగు పదార్థం విశాలంగా పరుచుకుంది. పక్కన ఎర్రకణం తగిలిన చోట దాన్ని హత్తుకున్నట్టు వంపు తిరిగింది, ఆ అంచున నీలం ఇంకా చిక్కబడింది. అన్నిటికన్నా ముఖ్యం, ఏ రెండు కణాలూ ఒకేలా లేవు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకదాని కేంద్రకం గుండ్రం, మరోదానిది చిక్కుడుగింజ ఆకారం.

ఎందుకిలా? వైరస్ లోపలికి రాగానే దాన్ని గుర్తుపట్టిన లింఫోసైట్లన్నీ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. ఒక్కొక్కటీ ఒక్కో దశలో ఉంటుంది. అందుకే అంత వైవిధ్యం. ఎటిపికల్ అంటే ఇక్కడ ‘మామూలు రూపంలో లేనిది’ అనే. క్యాన్సర్ అని కాదు. 1920లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు స్ప్రంట్, ఇవాన్స్ ఇలాంటి కణాలున్న ఆరుగురు రోగుల గురించి రాశారు. అది ఇన్ఫెక్షన్‌కు శరీరం చూపే స్పందనేనని చెబుతూ ‘ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్’ అని పేరు పెట్టారు.

అయితే పెథాలజిస్టు అక్కడితో ఆగరు. ప్లేట్‌లెట్లు డెంగీలోనే కాదు, అక్యూట్ లుకేమియాలోనూ పడిపోతాయి. అందుకని బ్లాస్ట్ అనే పసికణాల కోసం పలకంతా వెతుకుతారు. బ్లాస్ట్‌లో కేంద్రకం కణమంతా నిండి ఉంటుంది, లోపలి పదార్థం సన్నని పొడిలా ఉంటుంది, అవన్నీ దాదాపు ఒకే పోలికతో కనిపిస్తాయి. మనవడి పలకలో అవి లేవు.

ఇక తాత పలక. ఇక్కడ వింతరూపాలేమీ లేవు. చిన్నచిన్న లింఫోసైట్లు, అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. కేంద్రకంలో గడ్డలు గడ్డలుగా పాత ఫుట్‌బాల్ మీది ముక్కల్లా చారలు. మధ్యమధ్య చిదిగిపోయి మరకల్లా మిగిలిన కణాలు. వీటిని స్మడ్జ్ సెల్స్ అంటారు. ఆ లింఫోసైట్లు పెళుసువి కాబట్టి రక్తం పరిచేటప్పుడే నలిగిపోతాయి.

ఈ మెట్టు మీద ఓ చిక్కుంది. ఊదామూత సీసాలో రక్తం గంటల తరబడి ఉండిపోతే మంచి లింఫోసైట్లు కూడా ఉబ్బి, వంకర తిరిగి ఎటిపికల్‌లా కనిపిస్తాయి. సాయంత్రం దాకా ఆగి పరిచిన పలక చూసి కంగారు పడటం కన్నా, తాజాగా తీసిన రక్తంతో మళ్లీ పరిచి చూడటం మంచిది.

ఒక మగ్గమా, ఊరంతా మగ్గాలా?

అనుమానం బలపడితే రెండో మెట్టు ఫ్లో సైటోమెట్రీ. తాత రక్తం రెండు మూడు మిల్లీలీటర్లు తీసి, వేలూరు, చెన్నైలాంటి చోట్ల ఉన్న పెద్ద ల్యాబుకు పంపాలి. ఒకట్రెండు రోజుల్లో చేరకపోతే కణాలు పాడవుతాయి. అక్కడ మెరిసే రంగులు అతికించిన యాంటీబాడీలను రక్తంలో కలుపుతారు. ఒక్కో యాంటీబాడీ కణం పైనున్న ఒక్కో గుర్తుకు అంటుకుంటుంది. తర్వాత కణాలను వరసగా ఒక్కొక్కటే లేజర్ ముందు నుంచి పంపిస్తే, ఏ కణం మీద ఏ గుర్తులున్నాయో యంత్రం వేల కణాలకు లెక్క రాసుకుంటుంది.

అసలు ప్రశ్న ఒక్కటే. ఈ కణాలు పలు తల్లికణాల సంతానమా, ఒక్క తల్లిదేనా? నగరి వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పది మగ్గాల నుంచి వచ్చిన బట్టలు కుప్పపోస్తే అంచులు రకరకాలుగా ఉంటాయి. కుప్పలో అన్నిటికీ ఒకటే అంచుంటే అవన్నీ ఒక్క మగ్గం నుంచి దిగినవేనని అనుమానించాలి.

బి రకం లింఫోసైట్లకు అలాంటి అంచులు రెండే, కప్పా, లాంబ్డా. ఒక్కో కణం మీద ఏదో ఒకటే ఉంటుంది. ఆరోగ్యవంతుల్లోనూ, వైరస్ జ్వరాల్లోనూ రెండూ కలిసే ఉంటాయి, కప్పా దాదాపు రెండింతలు. తాత రక్తంలో లింఫోసైట్లలో 90 శాతం బి కణాలే. వాటిలో నూటికి 97 కప్పావి, లాంబ్డావి లేనట్టే. పైగా మామూలుగా టి కణాల మీద ఉండే సీడీ5 గుర్తు ఈ బి కణాల మీదుంది, సీడీ23 ఉంది, సీడీ20 మసకగా ఉంది.

లెక్క చూద్దాం. 18,000లో 90 శాతం అంటే 16,200. ఒకే తల్లి సంతానమైన ఇలాంటి బి కణాలు 5,000 దాటి, మూడు నెలలు అలాగే నిలిస్తే దాన్ని క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అంటారు. అంతకన్నా తక్కువుండి, గడ్డల్లాంటివి ఏమీ లేకపోతే దాన్ని జబ్బుగా పరిగణించరు, కనిపెట్టుకుని ఉంటారు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. కప్పా, లాంబ్డా గుర్తులు టి కణాలకు ఉండవు. వాటిలో అనుమానముంటే వేరే యాంటీబాడీలు, జన్యుపరీక్షలు కావాలి. ఇన్ఫెక్షన్‌లోనూ ఒక టి కణం సంతానం కొంతకాలం ఎక్కువ కావచ్చు. కాబట్టి ఫలితాన్ని జ్వరం, వయసు, పలకతో కలిపే చదవాలి.

మూడు నెలల తర్వాత...

మనవడికి ఫ్లో పరీక్ష అవసరమే పడలేదు. రెండు వారాల తర్వాత తెల్లకణాలు 7,200, లింఫోసైట్లు 38 శాతం. వింతకణాలు కనిపించలేదు. ఆరు వారాలైనా లింఫోసైట్లు దిగకపోతేనో, రక్తం తగ్గుతూ పోతేనో, మెడ గడ్డలు పెరిగితేనో మాత్రం అతడికీ చేయించాల్సి వచ్చేది.

తాతకు మూడు నెలల తర్వాతా అంకెలు అక్కడే ఉన్నాయి. గడ్డలు లేవు, ప్లీహం పెరగలేదు. డాక్టర్ మందేమీ రాయలేదు! ఈ దశలో ముందే మందులు మొదలుపెడితే ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. మూడు నుంచి ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చాలు. బరువు ఆరు నెలల్లో పదో వంతు తగ్గినా, రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమటలు పట్టినా, హిమోగ్లోబిన్ 10 కన్నా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గినా, లింఫోసైట్లు ఆరు నెలల్లోపే రెట్టింపైనా అప్పుడు వైద్యం గురించి ఆలోచిస్తారు.

తాత శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ పాత రిపోర్టు ఇప్పుడు బీరువాలో లేదు. ప్రతిసారీ కొత్త కాగితం పక్కన పెట్టి పోల్చి చూడటానికి మనవడి సంచిలో ఉంది.