దిగిన రోజు రాసే రెండు వాక్యాలు

ఆగస్టులో డాలస్ విమానాశ్రయంలో దిగిన తెలుగు విద్యార్థి ముందు ఇంటికి ఫోన్ చేస్తాడు. ఆ తర్వాత పెట్టెల పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటాడు. దాని కింద ఏం రాయాలన్న దగ్గరే చెయ్యి ఆగిపోతుంది.

‘కల నిజమైంది’ అని రాస్తే సంతోషం తెలుస్తుంది కానీ, అది ఎవరి ఫొటో కిందైనా సరిపోతుంది. బెంగను ‘మిస్సింగ్ హోమ్’ అన్నా అంతే. రెండూ కలిసి పలకాలంటే ఆ రోజుకే చెందిన వివరం కావాలి. వేసవిలో డాలస్ మన కంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ సాయంత్రం 4 అయితే గుంటూరులో అర్ధరాత్రి దాటి 2.30. ఆ తేడాలోనే వ్యాఖ్య దొరుకుతుంది:

“రెండు పెట్టెలు, 46 కిలోలు, అందులో ఆవకాయ. ఇక్కడ ఇంకా ఎండగానే ఉంది. అమ్మ మాత్రం నా ఫోన్ కోసం తెల్లవార్లూ మేలుకునే ఉంది.”

ఇందులో ‘బెంగ’ అన్న మాటే లేదు. అయినా చదివినవారికి గొంతు పట్టేస్తుంది.

ఫొటోలో బోర్డింగ్ పాస్ ఉంటే దాని బార్‌కోడ్‌లో పేరు, బుకింగ్ నంబరు ఉంటాయి. పెట్టే ముందు దాన్ని కత్తిరించండి.