చపాతీలు ఎన్ని?

హైదరాబాద్ కొండాపూర్‌లో మూడిళ్లలో వంట చేసే ఆవిడ ఒకరు నాకు తెలుసు. కొత్త ఇల్లు ఒప్పుకునేటప్పుడు ఆమె జీతం గురించి మొదట అడగదు. "మేడం, చపాతీలు ఎన్ని?" అంటుంది. ఎదుటివాళ్లు నవ్వేస్తారు. కానీ ఆ ప్రశ్న వెనుక ఒక లెక్క ఉంది. నాలుగేళ్ల క్రితం ఒక ఇంట్లో నష్టపోయి నేర్చుకున్న లెక్క అది.

ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఎనిమిదిన్నరకల్లా బాక్సులు సర్దుకుని బయల్దేరాలి. "ఇద్దరమే కదక్కా, పొద్దున టిఫిను, మధ్యాహ్నానికి అన్నం, పప్పు, ఒక కూర. అంతే," అన్నారు. ఆమె 5,000 అడిగింది, సరేనన్నారు. గంటంబావులో అయిపోయే పనే. ఒక పొయ్యి మీద కుక్కర్ పెట్టి, రెండోదాని మీద ఇడ్లీ పాత్ర ఎక్కించి, అవి ఉడికేలోగా కూరగాయలు తరుక్కుంటే సమయం కలిసొస్తుంది. వంట తెలిసినవాళ్లకి ఈ సర్దుబాటు చెప్పక్కర్లేదు.

రెండో నెలలో ఆ అబ్బాయి అన్నం తగ్గించాడు. "అక్కా, రాత్రికి కూడా వస్తాయి, ఓ పది చపాతీలు చేసి పెట్టవా?" అని ఆ అమ్మాయి అడిగింది. కాదనడానికి మొహమాటం. పిండి కలపడం, నాననివ్వడం, ఒత్తడం, కాల్చడం అన్నీ కలిపి పదింటికి 25 నిమిషాలు. ఇడ్లీలా పొయ్యి మీద పెట్టి వదిలేసే పని కాదు, పెనం దగ్గర నిలబడే ఉండాలి.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకు గంటంబావు చొప్పున నెలలో 28 రోజులకు 35 గంటలు. ఆ గంటలకి 5,000. రోజుకి పాతిక నిమిషాలు పెరిగితే నెలకు 700 నిమిషాలు, అంటే దాదాపు పదకొండు గంటల నలభై నిమిషాలు. పాత పనిలో సరిగ్గా మూడో వంతు. అదే రేటున ఆ "ఓ పది చపాతీల" ఖరీదు నెలకు 1,660 రూపాయల పైమాటే. ఆమెకు ఒక్క రూపాయీ పెరగలేదు. పైగా రెండో ఇంటికి రోజూ ఆలస్యం. అక్కడి స్కూలు పిల్లాడు రెండుసార్లు బాక్సు లేకుండా వెళ్లాడు. ఆ ఇల్లు పోయింది.

అందుకే వంటపనిని వంటకాల లెక్కన మాట్లాడుకుంటే దెబ్బతింటారని నా అభిప్రాయం. "ఒక కూర" అంటే ఏ కూర? బెండకాయ వేపుడుకి, గుత్తి వంకాయకి పోలికేమైనా ఉందా? చిక్కుడుకాయల ఈనెలు తీయాలి, గోంగూర ఆకు తుంచాలి, చేపలు తెస్తే కడిగి శుభ్రం చేయాలి. ఇవన్నీ పొయ్యి వెలిగించక ముందటి పనులు. అడిగేవాళ్లకి ఇవి కనపడవు. ఉద్దేశపూర్వకంగా మోసం చేసేవాళ్లు తక్కువ. వాళ్లకి వంట రాదు, అంతే.

ఆమె ఇప్పుడు మొదటి రోజే నిమిషాల్లో మాట్లాడుతుంది. "ఆరూ నలభై ఐదుకి వస్తాను, ఎనిమిదికి వెళ్తాను. ఈ సమయంలో టిఫిను, అన్నం, పప్పో చారో ఒకటి, ఒక కూర అవుతాయి. చపాతీలు కావాలంటే ఆ రోజు పప్పు ఉండదు. రెండూ కావాలంటే ఎనిమిదిన్నర దాకా ఉంటాను, జీతం 6,500." ఇలా చెప్తే బేరం వంట మీద కాక సమయం మీద నడుస్తుంది. ఇంటివాళ్లకీ ఏది కావాలో ఎంచుకునే వీలుంటుంది. కూర ఏమిటో ముందు రోజు రాత్రి తొమ్మిదిలోపు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమంటుంది. "ఏదైనా చెయ్యక్కా" అనే మాట ఆమెకు పడదు. ఫ్రిజ్ తీస్తే రెండు టమాటాలు, సగం సొరకాయ ఉంటాయి. ఏం చేయాలో ఆలోచించేసరికే పది నిమిషాలు పోతాయి. తీరా చేశాక, "ఇది ఆయన తినరు" అంటారు.

వంట చేసిన గిన్నెలు కడగడం, గట్టు తుడవడం ఎవరి పనో కూడా అప్పుడే తేల్చుకోవాలి. రాత్రి అంట్లు సింకులో అలాగే ఉంటే పొద్దున్నే కుక్కర్ కూడా దొరకదు. చుట్టాలొస్తే ఏంటి? ఒకరిద్దరైతే ఆమె పట్టించుకోదు. నలుగురు దాటితే ఆ పూటకు వేరే లెక్క, అదీ రెండు రోజుల ముందు చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువ పేచీ వచ్చేది సెలవుల దగ్గర. నెలకు రెండు రోజులు జీతంతో సెలవు, అంతకు మించి నాగా పెడితే కోత అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. కానీ ఇంటివాళ్లే ఊరెళ్తే? ఆ చపాతీల ఇంటివాళ్లే సంక్రాంతికి 12 రోజులు వెళ్లారు. రోజుకి 166 చొప్పున 2,000 కోసి, "పని లేదు కదక్కా" అన్నారు. ఆమె రావడానికి సిద్ధంగా ఉంది. ఆ గంటంబావు వాళ్ల కోసమే పెట్టుకుంది, పన్నెండు రోజుల కోసం ఇంకో ఇల్లు దొరకదు. ఇందులో న్యాయం ఆమె వైపే ఉందని నేననుకుంటాను. ఇప్పుడు ఆమె షరతు ఇది: మీరు పదిహేను రోజుల లోపు ఊరెళ్తే పూర్తి జీతం, అంతకు మించితే మించిన రోజులకు సగం.

అలాగని ఇంటివాళ్ల బాధ లేదని కాదు. ఏడింటికి మీటింగ్‌లో కూర్చున్న మనిషికి ఏడుంబావుకి "ఈ రోజు రాలేను" అని తెలిస్తే ఆ పూట గందరగోళమే. రాకపోతే ఆరింటిలోపు చెప్పాలి, సొంతూరికి పండక్కి వెళ్లేదుంటే పది రోజుల ముందు చెప్పాలి. మానేయాలన్నా, మానిపించాలన్నా ఇరువైపులా నెల రోజుల గడువు. అడ్వాన్స్ తీసుకుంటే నెలకు ఎంత పట్టుకోవాలో తీసుకున్న రోజే అనుకోవాలి.

ఇదంతా నోటిమాటగా వదిలేయకూడదు. గృహ కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. పని గంటలు, జీతం, సెలవులు కార్మికులకు ముందే స్పష్టంగా తెలియాలని, వీలైతే రాతపూర్వకంగా ఉండాలని అది చెబుతుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. కాబట్టి మన దగ్గర ఆ కాగితం ఎవరికి వారే రాసుకోవాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఆమె తన పదో తరగతి కూతురితో టైపు చేయించి, ఇంటివాళ్లకి పంపే మెసేజ్ ఇలా ఉంటుంది:

"మేడం, మనం అనుకున్నవి. పొద్దున 6.45 నుంచి 8 వరకు. టిఫిన్, అన్నం, పప్పు లేదా చారు, ఒక కూర. చపాతీలు ఉంటే పప్పు ఉండదు. వంట గిన్నెలు కడుగుతాను, రాత్రి అంట్లు కాదు. జీతం 5,000, ప్రతి నెలా 5వ తేదీ. సెలవులు నెలకు రెండు. మీరు 15 రోజుల లోపు ఊరెళ్తే కోత లేదు. ఏటా ఉగాదికి జీతం పెంపు మాట్లాడుకుందాం. సరే అని పెట్టండి."

ఆ "సరే" వచ్చాకే ఆమె పనిలోకి దిగుతుంది. ఒకరిద్దరు ఈ మెసేజ్ చూసి వెనక్కి తగ్గారు. ఆమె బాధపడలేదు. రెండో నెలలో తెగే పేచీ మొదటి రోజే తెగిందంటుంది.

ఈ మధ్య ఒక ఇంటివాళ్లు పది రోజులు ఊరెళ్లొచ్చారు. 5వ తేదీ పొద్దున ఫోన్‌పేలో 5,000 పడ్డాయి.