వారానికి రెండు రోజుల సముద్రం

*పని లేకపోవడానికి కారణాలు నాలుగు రకాలు. లెక్కల్లో మాత్రం అంకె ఒక్కటే. వీరాంపట్టినం తీరం ఈ తేడాను పట్టి చూపుతుంది.*

పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం పక్కనున్న మత్స్యకార గ్రామం వీరాంపట్టినంలో ఉపాధి ప్రశ్న చాలాకాలంగా ఒక వల చుట్టూ తిరుగుతోంది. తమిళులు సురుక్కు మడి వల అని, విశాఖ తీరంలో రింగు వల అని పిలిచే దీని అడుగు అంచున ఇనుప కడియాలు ఉంటాయి. చేపల గుంపు చుట్టూ వలను దించి, ఆ కడియాల గుండా సాగే తాడును లాగితే అడుగు భాగం సంచి మూతిలా ముడుచుకుంటుంది. పెద్ద గుంపు మొత్తం ఒకేసారి చిక్కడం వల్ల చిన్న వలల వారికి చేప మిగలదన్న ఆరోపణ మీద 2021 ఆగస్టులో వీరాంపట్టినం, నల్లవాడు మత్స్యకారులు ఘర్షణకు దిగగా, పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపారు. 2022 జనవరిలో విశాఖలోనూ ఇదే వల గొడవలో పడవలు తగలబడ్డాయి.

తమిళనాడు 2000లోనే ఈ వలను నిషేధించింది. ఆ వివాదంలో సుప్రీంకోర్టు 2023 జనవరి 24న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు, ఉపాధి గురించి ఆలోచించేవారు తప్పక చదవదగిన పత్రం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటిన తర్వాతే వల వేయాలని, అదీ సోమ, గురువారాల్లో మాత్రమేనని, ఉదయం 8కి బయలుదేరి సాయంత్రం 6కల్లా తిరిగి రావాలని, రిజిస్టరైన పడవకు జాడ తెలిపే పరికరం ఉండాలని అది నిర్దేశించింది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే పడవకు రాకపోకలకే మూడు గంటలు పోతాయి కనుక, వేటకు మిగిలేది రోజుకు ఏడు గంటలు.

నైపుణ్యం, పెట్టుబడి ఒక పనికి కట్టుబడి ఉండగా సాంకేతికతో చట్టమో వనరో మారి ఆ పనికి చోటు తగ్గిపోతే ఏర్పడేది నిర్మాణాత్మక నిరుద్యోగం. ఈ వల లాగడానికి పదుల సంఖ్యలో కళాసీలు కావాలి. వల ఆగితే వారంతా ఒకేసారి ఖాళీ అవుతారు, చిన్న పడవలు అంతమందిని ఇముడ్చుకోలేవు. మరో వైపు, వల ఆగకపోతే నష్టపోయేది ఆ చిన్న పడవల వారే. చేపలకు ధర పెరిగినంత మాత్రాన ఈ చిక్కు వీడదు. వల మార్చుకోవడానికి అప్పు, కొత్త పని నేర్వడానికి గడువు కావాలి.

సంఘృష్ట నిరుద్యోగం ఇంతకంటే తేలికైనది. ఒక యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు లెక్క తేల్చుకుని, మరో పడవలో కుదురుకునేలోగా కళాసీ ఖాళీగా గడిపే కొద్ది రోజులు ఈ రకానివి. పనీ ఉంది, మనిషీ ఉన్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి, బేరం కుదరడమే మిగిలింది. గిరాకీ ఎంత బాగున్నా ఇది పూర్తిగా పోదు.

దేశమంతటా గిరాకీ ఒకేసారి పడిపోయినప్పుడు కలిగేది చక్రీయ నిరుద్యోగం. 2008 ప్రపంచ మాంద్యంలో ఎగుమతులు తగ్గగా, అక్టోబరు-డిసెంబరు మధ్య ఎంపిక చేసిన రంగాల్లో దాదాపు 5 లక్షల ఉద్యోగాలు పోయాయని కేంద్ర లేబర్ బ్యూరో అంచనా వేసింది. అక్కడ కార్మికుల నైపుణ్యానికి కాలం చెల్లలేదు, కొనేవారు వెనక్కి తగ్గారు. అందుకే ఆర్డర్లు తిరిగి వచ్చాక 2009లో ఉద్యోగాలూ మళ్లీ పెరిగాయి.



   

వేట నిషేధం ఏ రకం?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిలిచిపోతుంది. తేదీలు ముందే తెలిసిన ఈ విరామం నాలుగో రకం, రుతుసంబంధ నిరుద్యోగం. దీనికి తగిన మందు భృతి.

అంకెలో కనిపించనిది

జాతీయ శ్రామిక సర్వేలోని వారపు పద్ధతి ప్రకారం, గడచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేసినా ఆ వ్యక్తి ఉద్యోగే. వారానికి రెండు రోజులు సముద్రంలోకి వెళ్లే రింగు వల కళాసీ ఈ లెక్కన నిరుద్యోగుల జాబితాలోకి రాడు. వృత్తి కుంచించుకుపోతున్న మనిషిని పనిలో ఉన్నవాడిగా చూపే ఆ శాతాన్ని, ఎన్ని రోజుల పని అన్న రెండో ప్రశ్న వేయకుండా నమ్మడం కష్టం.