చుక్క జారింది, తేడా తొమ్మిదింతలైంది

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. బోల్టులు, రబ్బరు బీడింగులు, రంగులు ఒక్కో సప్లయర్ దగ్గర కొంటుంది. వారానికోసారి అందరి బిల్లులూ కలిపి బ్యాంకు ద్వారా డబ్బు పంపుతుంది. అక్కడి అకౌంటెంటు ఈ కథలో కల్పిత పాత్రే. ఆమె పట్టుకున్న తప్పు, దాన్ని పట్టుకున్న పద్ధతి మాత్రం లెక్కలు రాసే ప్రతి ఆఫీసుకూ పనికొచ్చేవి.

నెల ముగిసింది. బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని ఆమె సరిచూడటం మొదలుపెట్టింది. కంపెనీ పుస్తకాల ప్రకారం బ్యాంకులో రూ.7,15,640.00 ఉండాలి. స్టేట్‌మెంటులో రూ.5,74,747.50 మాత్రమే ఉంది. ఇలాంటి తేడా చూడగానే కంగారు పడాల్సిన పని లేదు. రాసిచ్చిన చెక్కును అవతలివాళ్లు ఇంకా బ్యాంకులో వేయకపోయినా, బ్యాంకు ఏదో ఛార్జీ పట్టుకున్నా రెండు నిల్వలూ కలవవు. ఆమె వెతికితే అలాంటి చెక్కు ఒకటే దొరికింది, రూ.25,000ది. అది కూడా బ్యాంకుకు వెళ్లి ఉంటే అక్కడి నిల్వ ఇంకా తగ్గేది. అంటే కారణం తెలియని అసలు తేడా రూ.1,65,892.50.

ఓనరు లోపలికి వస్తూ అడిగాడు, “కలిసిందా అమ్మా?”

“లేదు సార్. లక్షా అరవై అయిదు వేల చిల్లర తేడా వస్తోంది. ఒక్క పావుగంట ఇవ్వండి, చూసి చెప్తాను.”

ఆమె నెలంతా ఎంట్రీ తర్వాత ఎంట్రీ తిరగేస్తూ కూర్చోలేదు. ముందు ఆ తేడాలోని అంకెలన్నీ కూడింది. ఒకటి, ఆరు, అయిదు, ఎనిమిది, తొమ్మిది, రెండు, అయిదు కలిపితే 36. అది తొమ్మిదో ఎక్కంలో ఉంది కాబట్టి తేడా కూడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. భాగిస్తే రూ.18,432.50 వచ్చింది. ఆ మొత్తం కోసం బ్యాంకు ఖాతా వెతికితే బోల్టుల సప్లయర్‌కు చేసిన చెల్లింపు ఎదురైంది. పుస్తకంలో రూ.18,432.50 అని ఉంది. అదే తేదీన అదే సప్లయర్ పేరు మీద బ్యాంకు స్టేట్‌మెంటులో ఉన్నది రూ.1,84,325.00.

ఈ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చింది? దశాంశ బిందువు ఒక స్థానం కుడికి జరిగితే మొత్తం పదింతలవుతుంది. పదింతల్లోంచి అసలు ఒక వంతు తీసేస్తే మిగిలేది తొమ్మిదింతలు. అందుకే తేడాను తొమ్మిదితో భాగిస్తే అసలు మొత్తమే బయటపడుతుంది. చుక్క రెండు స్థానాలు జరిగి ఉంటే మొత్తం నూరింతలయ్యేది. అప్పుడు 99తో భాగించాలి.

అయితే తొమ్మిదితో పోయిన ప్రతి తేడా చుక్క వల్ల వచ్చిందని చెప్పలేం. రూ.5,400కు బదులు రూ.4,500 అని అంకెలు తారుమారుగా రాసినా తేడా 900 వస్తుంది, అదీ తొమ్మిదితో పోతుంది. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి భాగించగా వచ్చిన మొత్తం పుస్తకాల్లో ఉందో లేదో చూడాలి. ఉంటే చుక్క జారిందని గట్టిగా అనుమానించవచ్చు. లేకపోతే తారుమారైన అంకెల కోసం వెతకాలి. ఒకే నెలలో రెండు మూడు తప్పులు కలిసిపోతే మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అప్పుడు వరుసగా టిక్కులు పెట్టుకుంటూ పోవడమే దారి.

చుక్క ఎలా జారిందో కూడా ఆమె ఆరా తీసింది. బిల్లు మీద 18,432.50 అని స్పష్టంగానే ఉంది. గుమాస్తా దాన్ని ఎక్సెల్‌లో ఎక్కించాడు. సెల్‌కు ప్రత్యేకంగా ఫార్మాట్ ఇవ్వకపోతే ఎక్సెల్ చివరి సున్నాను చూపించదు. తెర మీద 18432.5 అని కనిపిస్తుంది. దాన్ని చూసి బ్యాంకుకు పంపే ఫైల్లో మళ్లీ టైపు చేసేటప్పుడు చుక్క నొక్కు పడలేదు. 184325 అయింది. కామాలు లేవు, పైసలు లేవు. చూడటానికి అదీ మామూలు అంకెలాగే ఉంది. ఆ ఫైలును ఆమోదించిన మేనేజరు పేర్లు, ఖాతా నంబర్లు సరిచూశాడు కానీ బిల్లులు చేతిలో పెట్టుకుని మొత్తాలు చూడలేదు. బిల్లుల జాబితా మొత్తాన్ని, ఫైలు మొత్తాన్ని పక్కపక్కన పెట్టినా లక్షా అరవై అయిదు వేల పైచిలుకు తేడా డబ్బు పోకముందే కనిపించేది.

ఇక డబ్బు వెనక్కి రావాలి. నెఫ్ట్‌లో పంపిన సొమ్ము అవతలి ఖాతాలో పడ్డాక, ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను వెనక్కి తీసి ఇవ్వదు. అందుకే ఆమె ముందు సప్లయర్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

“అవునండీ, ఎక్కువే వచ్చింది. మీరు అడ్వాన్సు పంపారేమో అనుకుని అలాగే రాసుకున్నాం,” అన్నాడు అక్కడి అకౌంటెంటు.

ఆమె బిల్లు నంబరు, చెల్లింపు తేదీ, బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబరు రాసి, రూ.1,65,892.50 తిరిగి పంపమని ఉత్తరం పెట్టింది. సప్లయర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోయినా చట్టం ఆమె వైపే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం, పొరపాటున వచ్చిన సొమ్మును పుచ్చుకున్నవారు తిరిగి ఇచ్చేయాలి.

పుస్తకాల్లో పాత ఎంట్రీని ఆమె కొట్టేయలేదు. రూ.18,432.50 ఎంట్రీని అలాగే ఉంచి, ఎక్కువగా వెళ్లిన మొత్తాన్ని అదే సప్లయర్ ఖాతాలో వేరే చెల్లింపుగా రాసింది. డబ్బు తిరిగి రాగానే దాన్ని వసూలుగా రాసింది. రేపు ఆడిటర్ వచ్చి అడిగితే ఏం జరిగిందో ఆ రెండు ఎంట్రీలే చెబుతాయి.

ఈ తప్పు దొరకడానికి అసలు కారణం తొమ్మిదో ఎక్కం కాదు. పుస్తకాల్లో ఎంట్రీని బిల్లు చూసి వేశారు, బ్యాంకు స్టేట్‌మెంటు చూసి వేయలేదు. ఇప్పుడు చాలా చోట్ల నెలాఖరున స్టేట్‌మెంటు దింపుకుని, అందులో ఉన్న మొత్తాలనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేస్తున్నారు. ఇక్కడ కూడా అలాగే చేసి ఉంటే పుస్తకంలోనూ 1,84,325 పడేది, బ్యాంకులోనూ అదే ఉండేది. రెండూ చక్కగా కలిసేవి. సప్లయర్ కూడా వచ్చిన మొత్తాన్నే రాసుకున్నాడు కాబట్టి అతని స్టేట్‌మెంటుతో పోల్చినా తేడా రాదు. అదే సప్లయర్‌కు ఇంకా పెద్ద బిల్లులు బాకీ ఉంటే ఈ అదనపు సొమ్ము వాటిలో కలిసిపోయి ఖాతా మామూలుగానే కనిపించేది. ఏ బిల్లుకు ఎంత కట్టామో బిల్లు వారీగా చూసుకునేవారికి తప్ప అది కంటపడదు.

ఒకే కాగితం చూసి రెండు చోట్ల రాసినప్పుడు ఆ రెండూ కలవడం దేనికీ రుజువు కాదు. చిన్న వ్యాపారం నడిపేవారూ, లెక్కలు రాసేవారూ ఈ నెల నుంచే రెండు పనులు మొదలుపెట్టండి. చెల్లింపు ఎంట్రీని బిల్లు చూసే వేయండి. బ్యాంకుకు పంపే ఫైలును ఆమోదించే ముందు దాని మొత్తాన్ని బిల్లుల మొత్తంతో కలిపి చూడండి.