1, 10, 2: సంఖ్యల వేషంలో ఉన్న టెక్స్ట్

స్ప్రెడ్‌షీట్‌లో ఒక కాలమ్‌ను చిన్నదాని నుంచి పెద్దదానికి సార్ట్ చేసినప్పుడు 1, 10, 2 అని వరుస వస్తే, ఆ గడుల్లో ఉన్నవి సంఖ్యలు కావు, టెక్స్ట్. సంఖ్యలనైతే ప్రోగ్రామ్ విలువను బట్టి పోలుస్తుంది. టెక్స్ట్‌నైతే నిఘంటువులో మాటల్లాగా ఎడమ నుంచి ఒక్కో గుర్తునే చూస్తుంది. 10లో మొదటి గుర్తు 1 కాబట్టి అది 2 కంటే ముందే వస్తుంది.

వరుస తప్పితే కంటికి కనిపిస్తుంది. మొత్తం తప్పితే కనిపించదు, అసలు ప్రమాదం అక్కడే. ఎక్సెల్‌లో B2 నుంచి B6 వరకు 450, 1200, 95, 3000, 800 ఉన్నాయనుకుందాం. మొత్తం 5545 రావాలి. అన్నీ టెక్స్టే అయితే SUM సున్నా చూపిస్తుంది, తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. 1200 ఒక్కటే టెక్స్ట్ అయితే మాత్రం 4345 వస్తుంది. SUM తనకిచ్చిన గడుల్లోని టెక్స్ట్‌ను ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. చూసేవారికి అది సరైన లెక్కలాగే ఉంటుంది.

అందుకే మొత్తాన్ని నమ్మేముందు ఈ రెండు ఫార్ములాలు వేసి చూడాలి.

```
=COUNT(B2:B6)
=COUNTA(B2:B6)
```

మొదటిది సంఖ్యలున్న గడులనే లెక్కిస్తుంది, రెండోది ఖాళీగా లేని గడులన్నిటినీ. ఇక్కడ 4, 5 వస్తాయి కనుక ఒక గడి టెక్స్ట్ అని తేలిపోతుంది. గడి మూలలో ఆకుపచ్చ త్రికోణం, అంకెలు ఎడమవైపుకి ఒదిగి ఉండటం కూడా ఆనవాళ్లే. అయితే అమరికను చేత్తో మార్చి ఉంటే ఈ రెండో ఆనవాలును నమ్మలేం.

ఈ తేడా ఎక్కువగా వేరే చోటి నుంచి తెచ్చిన డేటాతో వస్తుంది. అంకె ముందు కొటేషన్ గుర్తు పెట్టినా, గడిని ముందే Text ఫార్మాట్‌లో ఉంచి టైప్ చేసినా ఇంతే. తర్వాత ఫార్మాట్‌ను Number అని మార్చి ఊరుకుంటే సరిపోదు, లోపలున్న టెక్స్ట్ అలాగే ఉంటుంది. కాలమ్‌ను ఎంచుకుని, Data ట్యాబ్‌లో Text to Columns తెరిచి, Finish నొక్కితే చాలావరకు సంఖ్యలుగా మారతాయి.

అప్పటికీ మారకపోతే వెబ్‌పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వెంట వచ్చే ఒక రకం ఖాళీని అనుమానించాలి. దాని కోడ్ 160. మామూలు ఖాళీలను తీసేసే TRIM దీన్ని తీయలేదు. పక్కన ఖాళీ కాలమ్‌లో ఈ ఫార్ములా వేస్తే అది పోయి సంఖ్య మిగులుతుంది.

```
=VALUE(SUBSTITUTE(B2,CHAR(160),""))
```

అలాగని ప్రతి అంకెల కాలమ్‌నూ సంఖ్యలుగా మార్చకూడదు. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు ఆ సున్నాను పోగొట్టుకుంటుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది కాబట్టి 16 అంకెల కార్డు నంబరులో చివరి అంకె సున్నాగా మారిపోతుంది. కూడికతో పనిలేని ఇలాంటి నంబర్లను టెక్స్ట్‌గానే ఉంచాలి.