పద్దెనిమిది తర్వాత ఇరవై

నంద్యాల జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. ఆ తర్వాత ఆళ్లగడ్డ నుంచి ఉద్యోగాల కోసం, చదువుల కోసం నంద్యాలకు మారిన ఇళ్లలో మాదీ ఒకటి. దూరం 40 కిలోమీటర్లకు కాస్త పైన, దారి జాతీయ రహదారి. అంత దగ్గరి ప్రయాణానికి సామాను పట్టిక ఎందుకన్నారు ఇంట్లోవాళ్లు. కానీ సామాను పోయేది దూరంలో కాదు, ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ.

రూళ్ల నోటుపుస్తకంలో నాలుగు గడులు గీశాను: పెట్టె నంబరు, గది, ఏమున్నాయి, పగిలేవా. అంచున టిక్కుల కోసం రెండు సన్నగడులు. మొత్తం 27 పెట్టెల్లో కొన్ని ఇవి:

| పెట్టె | గది | ఏమున్నాయి | పగిలేవా | ఎక్కింది | దిగింది |
|---|---|---|---|---|---|
| 1 | వంటగది | పాలగిన్నె, అగ్గిపెట్టె, పసుపు, కుంకుమ, చాకు | లేదు | ✓ | ✓ |
| 7 | వంటగది | ఆవకాయ జాడీలు 2 | అవును, నిలువుగా | ✓ | ✓ |
| 11 | ముందుగది | రాతి వినాయకుడు | అవును, పైన ఏమీ వద్దు | ✓ | ✓ |
| 16 | పడకగది | పుస్తకాలు | లేదు | ✓ | ✓ |
| 19 | వంటగది | మిక్సీ జార్లు 3, కవ్వం, పోపుల పెట్టె | లేదు | | |

గది గడిలో మొదట తప్పు రాశాను. పాత ఇంట్లో వస్తువు ఎక్కడుందో అదే రాసుకుంటూ పోయాను. 11వ పెట్టెకు ‘దేవుడిగది’ అని రాశాక గుర్తొచ్చింది, కొత్తింట్లో దేవుడిగదే లేదని. ఈ గడి చదివేది పెట్టె కట్టేవాళ్లు కాదు, దించే హమాలీ. అందుకే అన్నీ కొట్టేసి కొత్తింటి గదుల పేర్లు రాశాను. అవే పేర్లు కాగితాల మీద రాసి ముందురోజే కొత్తింటి తలుపులకు అంటించి వచ్చాం. నంబరును పెట్టెకు రెండు పక్కల పెద్దగా రాయాలి. మూత మీద రాస్తే, దానిపైన ఇంకో పెట్టె పడగానే కనిపించదు.

ఇక పగిలేవాటి గడి. నచ్చిన ప్రతి వస్తువుకూ ‘అవును’ రాయాలనిపిస్తుంది. పాతిక పెట్టెల మీద ‘జాగ్రత్త’ అని ఉంటే హమాలీలు దేన్నీ పట్టించుకోరు. నేను ఆరింటికే రాశాను, అదీ ఏం చేయాలో చెబుతూ. జాడీ పగలకపోయినా పక్కకు ఒరిగితే నూనె కారి పెట్టె అడుగు నానిపోతుంది. అందుకే మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి, గుడ్డతో వాసెన గట్టిగా కట్టి, ‘నిలువుగా’ అని రాశాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వినాయకుడు. ఆళ్లగడ్డ శిల్పుల పని, అడుగు ఎత్తు నల్లరాయి. రాయి పగిలేదేంటని అనిపిస్తుంది. రాయి బరువుకు తట్టుకుంటుంది గానీ వంగదు. తొండం, వేళ్లు, వెనుక తోరణం లాంటి సన్నని చోట్ల దెబ్బ తగిలితే పుటుక్కున ఊడిపోతాయి. అందువల్ల తోరణం పట్టుకుని ఎత్తకూడదు, పీఠం కింద చేతులు పెట్టి ఎత్తాలి. సందుల్లో వరిగడ్డి కూరి, చుట్టూ మందంగా గడ్డి చుట్టి, పెట్టెలో ఒంటరిగా ఉంచాం. గాజు సామానుతో కలిపితే విగ్రహం బరువుకు అవి నలుగుతాయి. పుస్తకాలకేమో ‘లేదు’ అని రాశాను గానీ, వాటికి చిన్న పెట్టెలే తీసుకున్నాను. పెద్దపెట్టె నిండా పుస్తకాలుంటే ఎత్తగానే అడుగు ఊడుతుంది.

లారీ ఎక్కిస్తున్నప్పుడు ఒకరు నంబరు పిలవాలి, ఒకరు టిక్కు కొట్టాలి. నాకు తోడుగా మా చిన్నోడు నిలబడ్డాడు. మధ్యలో పక్కింటి పెద్దమ్మ వీడ్కోలు చెప్పడానికి వస్తే ఇద్దరం మాటల్లో పడ్డాం. లారీ కదిలింది.

నంద్యాలలో మా చిన్నోడు పిలుస్తున్నాడు: “పదిహేడు... పద్దెనిమిది... ఇరవై.” చివరికి 26 టిక్కులే. హమాలీ చెమట తుడుచుకుంటూ, “అక్కా, లారీలో ఇంకేమీ లేదు, సూసుకో” అన్నాడు. మా ఆయన డ్రైవరు వైపు చూశాడు. దారిలో టీకి ఆగారు కదా అని అందరి మనసులోనూ మెదిలింది.

పట్టిక చూశాను. 19కి ‘దిగింది’ గడే కాదు, ‘ఎక్కింది’ గడి కూడా ఖాళీ. అంటే పెట్టె లారీ ఎక్కనే లేదు. డ్రైవరు మీద ఒక్క మాట తూలకుండా ఆ ఖాళీ గడి మమ్మల్ని కాపాడింది. ఒకే టిక్కు గడి ఉంటే ఈ తేడా తెలిసేది కాదు. ఏమున్నాయన్న గడిలో ‘వంట సామాను, ఇతరాలు’ అని రాసి ఉంటే, ఆ పెట్టెలో ఏముందో గుర్తుకు తెచ్చుకోవడానికి మిగతావన్నీ విప్పాల్సి వచ్చేది.

పెద్దమ్మకు ఫోన్ చేశాం. “తాళంచెవి నా కాడే ఉండాది కదా, సూసొస్తా” అంది. పది నిమిషాలకు తిరిగి చేసింది: వంటింటి అటక మీద, మూలకు నెట్టి ఉందట.

మర్నాడు పెద్దమ్మ మనవడు నంద్యాల కాలేజీకి వస్తూ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మిక్సీ జారు తీసి పల్లీల చట్నీ చేశాను, ఆ పిల్లాడికి నాలుగు దోసెలు పోశాను. అతను తింటుండగా మా చిన్నోడు పెన్ను తెచ్చి, 19 ఎదురుగా రెండు టిక్కులూ కొట్టాడు.