స్టేక్‌హోల్డర్, డెలివరబుల్, ఎస్కలేట్: ఒక మందుల బిల్లు సాక్షిగా

సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన వారానికే చెవిన పడి, ఏడాదికి గాని ఒంటబట్టని మాటలివి. ఒక సీనియర్ తన టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి రాసిచ్చిన నోట్ ఇది.

నువ్వడిగిన మూడు మాటలకీ విడివిడిగా అర్థాలు చెబితే గుర్తుండవు. మూడూ ఒకే పనిలో ఎలా ముడిపడతాయో చూపిస్తాను. మందుల షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో జీఎస్టీ రేటు మార్చే పని తీసుకుందాం.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ఖరారు చేసింది. సెప్టెంబర్ 22 నుంచి అమలు. చాలా మందుల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కొన్ని ప్రాణరక్షక మందుల మీదైతే పూర్తిగా ఎత్తేశారు. మధ్యలో మూడు వారాల గడువు కూడా లేదు. ఊరూరా షాపులున్న ఒక మందుల సంస్థ మన క్లయింట్ అనుకో. ‘21 రాత్రికల్లా రేట్లు మార్చి ఇవ్వండి’ అని వాళ్ల ఫైనాన్స్ విభాగం మెయిల్ పెట్టింది. ఆ పని నీకు అప్పజెప్పారు.

చూడ్డానికి పూట పని. పన్ను పట్టికలో 12 ఉన్నచోట 5 పెట్టి, ఒక టెస్ట్ బిల్లు కొట్టావు. మందు ఎమ్మార్పీ 112 రూపాయలు. ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ మొత్తంలోంచి పన్నును విడదీస్తుంది. పాత రేటులో మందు ధర 100, పన్ను 12. కొత్త రేటులో మందు ధర 106 రూపాయల 67 పైసలు, పన్ను 5 రూపాయల 33 పైసలు. రెండూ కలిపితే మళ్లీ 112. పన్ను శాతం సరిగ్గానే పడింది, స్క్రీన్ మీద ఎర్రరేమీ రాలేదు. కానీ కొనేవాడికి ఒక్క పైసా తగ్గలేదు. అతను కట్టాల్సింది 105. ప్రభుత్వం తగ్గించిన పన్ను కాస్తా షాపు గల్లాలోకి పోయింది.

అంటే రేటు ఒక్కటే మారిస్తే చాలదు, ఎమ్మార్పీ కూడా మారాలి. ఈ సంగతి ఎవరు చెప్పాలి?

స్టేక్‌హోల్డర్

మెయిల్ పెట్టింది ఫైనాన్స్ కాబట్టి వాళ్లే మన స్టేక్‌హోల్డర్ అనుకోవడం సహజం. వాళ్ల చూపు పన్ను రిటర్న్ మీద ఉంటుంది, అందులో శాతం సరిపోతే వాళ్లకి చాలు. ఎమ్మార్పీ మార్పు వచ్చే దారి వేరు. మందుల కంపెనీలు సవరించిన ధరల జాబితాలు డీలర్లకీ షాపులకీ పంపాలని జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ అప్పట్లో ఆదేశించింది. మన క్లయింట్ దగ్గర ఆ జాబితాలు అందుకునేది పర్చేజ్ విభాగం. వాళ్లు మన మీటింగ్‌లో లేరు, మెయిల్లో కాపీ కూడా లేదు.

కౌంటర్ మీద కూర్చునే మనిషినీ మరిచిపోకు. అట్ట మీద 112 అని అచ్చయి ఉంటే బిల్లులో 105 ఎందుకొచ్చిందని అడిగేవాళ్లకి జవాబు చెప్పాల్సింది తనే.

అందుకే పని మొదలెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకో. ఎవరి దగ్గర్నుంచి సమాచారం రాకపోతే ఈ పని ఆగుతుంది? ఎవరు సరేనంటే గాని ఇది బయటికి పోదు? తేడా వస్తే నష్టం ఎవరికి? జవాబుల్లో వచ్చే వాళ్లందరూ స్టేక్‌హోల్డర్లే. అయితే అందర్నీ అన్ని మీటింగ్‌లకీ పిలవనక్కర్లేదు. మొదటి రెండు రకాల వాళ్లతో మాట్లాడాలి. మూడో రకం వాళ్లకి కొందరికి ముందుగా చెబితే చాలు. మందు కొనేవాడి లాగా మనతో ఎప్పటికీ మాట్లాడని వాళ్లుంటారు, వాళ్ల తరఫున మనమే ఆలోచించాలి.

డెలివరబుల్

‘కోడ్ అయిపోయింది’ అని నువ్వు అన్నంత మాత్రాన డెలివరబుల్ అయినట్టు కాదు. అవతలివాళ్ల చేతికి అందాలి. వాళ్లు దాన్ని పరీక్షించి ‘ఇదే మేమడిగింది’ అని రాసివ్వగలగాలి. దేన్ని చూసి ఒప్పుకుంటారన్నది పనికి ముందే తేలిపోవాలి.

ఈ పనిలో డెలివరబుల్స్ మూడు అనుకో. మొదటిది, 22 నుంచి అమల్లోకి వచ్చేలా తేదీ వేసిన కొత్త పన్ను, ధరల పట్టిక. రెండోది, టెస్ట్ బిల్లుల రిపోర్టు. మూడోది, కౌంటర్ సిబ్బందికి ఒక పేజీ సూచనలు.

వీటిలో రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకు. 5 శాతం మందు, పన్ను లేని మందు, రెండూ ఉన్న బిల్లు అందులో ఎలాగూ ఉంటాయి. చాలామంది మరిచిపోయేది రిటర్న్ బిల్లు. 20న 112 పెట్టి కొన్న మందుని 23న వెనక్కి తెచ్చారనుకో. అది పాత బిల్లుకి ముడిపడిన లెక్క కాబట్టి 12 శాతం పన్నుతోనే 112 తిరిగివ్వాలి. సాఫ్ట్‌వేర్ ఈ రోజు రేటు చూసుకుని 105 ఇస్తే కౌంటర్ దగ్గర గొడవ, ఖాతాల్లో తేడా. ‘రిటర్న్‌కి పాత బిల్లు రేటే పడాలి’ అన్న ఒక్క వాక్యం ముందే రాసుకుని ఉంటే, అది పరీక్ష దాటకుండా బయటికి పోదు.

ఎస్కలేట్

ఇప్పుడు తేదీ 15. పర్చేజ్ నుంచి సగం కంపెనీల జాబితాలే వచ్చాయి. రెండుసార్లు అడిగావు, ‘పంపుతాం’ అన్నారు. ఇక్కడ కొత్తవాళ్లు రెండు రకాలుగా పోతారు. కొందరు మొహమాటపడి 20 దాకా ఎదురుచూస్తారు. ఇంకొందరు పర్చేజ్ వాళ్లు సహకరించడం లేదని పై వాళ్లకి చాడీ చెబుతారు.

రెండూ కాదు. అసలు చిక్కు ఏమిటో చూడు. జాబితా రాని మందులకి దారులు రెండే. పాత ధర మీద మనమే లెక్కకట్టి 112ని 105 చేసి తాత్కాలికంగా పెట్టడం ఒకటి, జాబితా వచ్చేదాకా ఆ మందుల బిల్లింగ్ ఆపడం రెండోది. ఒకదాంట్లో ధర తప్పే ప్రమాదం, ఇంకోదాంట్లో అమ్మకం పోయే నష్టం. దీన్ని తేల్చే అధికారం నీకూ లేదు, నీతో మాట్లాడుతున్న పర్చేజ్ ఉద్యోగికీ లేదు. అధికారం ఉన్న మనిషి దగ్గరికి, ఇంకా వ్యవధి ఉండగానే, ఆ నిర్ణయాన్ని చేర్చడమే ఎస్కలేట్ చేయడం.

ముందుగా ఆ పర్చేజ్ ఉద్యోగికి ఫోన్ చేసి, ‘ఈ సాయంత్రం మా మేనేజర్‌కి రాస్తున్నానండీ, మీకు ముందే చెబుతున్నాను’ అను. చాలాసార్లు ఆ ఫోన్‌తోనే జాబితా కదులుతుంది. కదలకపోతే మన ప్రాజెక్ట్ మేనేజర్‌కి రాయి. ఏం ఆగింది, ఎప్పటినుంచి, ఎవర్ని ఎన్నిసార్లు అడిగాం, ఉన్న దారులేమిటి, ఏ తేదీలోపు నిర్ణయం కావాలి అన్న అయిదు సంగతులు చాలు. 18 దాటితే టెస్టింగ్‌కి రోజులు మిగలవని స్పష్టంగా పెట్టు. విశేషణాలు వద్దు, ఎవరి తప్పన్న మాటే వద్దు. మన మేనేజర్ వాళ్ల ఫైనాన్స్, పర్చేజ్ రెండు విభాగాలకీ పైనున్న వాళ్లతో మాట్లాడతారు.

ఈ మెట్ల వరస పని జరుగుతున్నప్పటి మాట. 22 పొద్దున్న షాపుల్లో బిల్లులు పడకుండా ఆగిపోతే మెయిల్ రాస్తూ కూర్చోకూడదు. సపోర్ట్ నంబర్‌కీ, మేనేజర్‌కీ ఒకేసారి ఫోన్ చేయాలి.

నిర్ణయం వచ్చేసరికి పని అయిపోయిందనుకోకు. 105 పెట్టమన్నారనుకో, ఆ మందులకి విడిగా టెస్ట్ బిల్లులు కొట్టాలి. కౌంటర్ సూచనల్లో ‘ఇది తాత్కాలిక ధర’ అన్న వాక్యం చేరాలి. అసలు జాబితా వచ్చినప్పుడు ధర ఎవరు సరిచేస్తారో పర్చేజ్‌తో తేల్చుకోవాలి. అవన్నీ రాసి, మొదట్లో వేసుకున్న స్టేక్‌హోల్డర్ల జాబితాలో ఎవరెవరికి చెప్పాలో వాళ్లందరికీ పంపాకే ఈ ఎస్కలేషన్ ముగిసినట్టు.